జాబేజ్ చూడలేని ఆకుపచ్చ

రంగుల పనిలో పదకొండేళ్ళు నెగ్గుకొచ్చిన జాబేజ్‌కి రంగులు సరిగ్గా కనబడవన్న సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. తండ్రి దయారత్నానికి, భార్య తబితాకి, అతనికి.

అలాగని అతని లోకం నలుపూ తెలుపూ కాదు. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది. బాగా వెలిగే ఎరుపునీ పచ్చనీ విడదీసి చెప్పగలడు. కానీ కాస్త మసకబారిన ఎరుపూ, మట్టి గోధుమా, ముదురు ఆకుపచ్చా అతని కంటికి ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో బజారు నుంచి పండిన టమాటాలతో పాటు పచ్చివి కూడా ఏరి తెచ్చేవాడు. తబితా రెండుసార్లు తిట్టి, మూడోసారి అనుమానపడి, నాలుగోసారి నిలదీసి అడిగింది. అప్పుడు చెప్పాడు.

వాళ్ళది కలకత్తాలోని వాట్‌గంజ్. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. తండ్రి దయారత్నం పోర్టు రైల్వేలో వ్యాగన్లు మళ్ళించే పని చేసి రిటైరయ్యాడు. కొడుకు రైలింజను నడపాలని ఆయన కోరిక. జాబేజ్ రాతపరీక్ష గట్టెక్కాడు. వైద్య పరీక్షలో డాక్టరు ఒక పుస్తకం తెరిచి, రంగు చుక్కలు నిండిన పేజీ చూపించి, "ఇందులో ఏ అంకె ఉంది?" అని అడిగాడు. జాబేజ్‌కి చుక్కలు తప్ప మరేమీ కనబడలేదు. పేజీ తిప్పినా చుక్కలే. డాక్టరు పుస్తకం మూసేశాడు. చర్చిలో అందరికీ దయారత్నం, "మావోడి బరువు సాల్లేదంట" అని చెప్పుకున్నాడు. అప్పటికి జాబేజ్ వయసు ఇరవై రెండు.

ఆ తర్వాత ఖాళీగా కూర్చోలేక కంప్యూటర్ కోర్సులో చేరితే, అక్కడ ఒక మాస్టారు రంగుకి ఒక సంఖ్య ఉంటుందని చెప్పాడు. ముందు ఒక గుర్తు, దాని వెనక అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి ఆరు. మొదటి రెండూ ఎరుపు ఎంతో చెబుతాయి, తర్వాతి రెండూ పచ్చ, చివరి రెండూ నీలం. మధ్య జత పెద్దదైతే అది పచ్చ వైపు, మొదటి జత పెద్దదైతే ఎరుపు వైపు. చిన్న గొట్టంలాంటి గుర్తును బొమ్మ మీద ఎక్కడ నొక్కితే అక్కడి రంగు సంఖ్య తెర మీద పడుతుంది. డాక్టరు పుస్తకంలో దొరకని అంకెలు జాబేజ్‌కి ఇక్కడ దొరికాయి. మిగతావాళ్ళు రంగుని చూస్తారు, అతను చదువుతాడు. అంతే తేడా అనుకున్నాడు. ఆ తేడా ఎవరికీ తెలియనివ్వకుండా, న్యూ టౌన్‌లో ఆశిష్ కుండూ నడిపే స్టూడియోలో చేరి, వస్తువుల ఫోటోలు దిద్దే పనిలో పైకొచ్చాడు. ఏ బొమ్మ బయటికి వెళ్ళాలన్నా చివరి సంతకం అతనిదే అయ్యేంతవరకు. "జాబేజ్ కన్ను పొరపాటు పడదు" అనేవాడు ఆశిష్.

గత ఏడాది నుంచి స్టూడియోలో కెమెరాలు మూలపడ్డాయి. ఇప్పుడు బొమ్మలు మాటలతో పుడుతున్నాయి. ఏ వస్తువు, ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి, ఏ భాగం ఏ రంగు, అన్నీ వాక్యాల్లో రాసి యంత్రానికి ఇస్తే క్షణాల్లో బొమ్మ గీసి ఇస్తుంది. జాబేజ్‌కి మొదట్లోనే ఒక సంగతి గుబులు పుట్టించింది. పాత సాఫ్ట్‌వేర్లో సంఖ్య అంటే ఆజ్ఞ. #2F5D43 అని ఇస్తే అదే వస్తుంది, ఇసుమంత తేడా ఉండదు. ఈ యంత్రానికి సంఖ్య కూడా ఒక మాటే. చుట్టూ ఉన్న మిగతా మాటలతో కలిపి దాన్ని అర్థం చేసుకుంటుంది. ఒక్కోసారి దగ్గరగా వస్తుంది, ఒక్కోసారి పక్కకి జారుతుంది. అందుకే సంఖ్యతో పాటు రంగుని మాటల్లో కూడా చెప్పాలని స్టూడియోలో అందరూ అనుభవం మీద తెలుసుకున్నారు. మాటల్లో చెప్పడమే జాబేజ్ వల్ల కాని పని. సీసా ఆకుపచ్చ అంటే ఎలా ఉంటుందో అతనికేం తెలుసు?

ఆ లోటు అమూల్య తీర్చింది. కరీంనగర్ అమ్మాయి, చేరి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరే కావడంతో జాబేజ్‌ని మొదటి రోజు నుంచే, మిగతావాళ్ళలా బెంగాలీలో దాదా అనకుండా, అన్నా అని పిలిచింది. రంగుల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. "ఈ ఎరుపు గట్ల కాదన్నా, కొత్త ఇటుక మీద నీళ్ళు పోస్తే ఎట్లుంటదో అట్లుండాలె" అనేది. జాబేజ్ తలూపి, ఆమె మాటల పక్కన సంఖ్య చేర్చేవాడు. ఇద్దరూ కలిసి రాసింది బాగా పనిచేసేది.

జూలైలో పలాశ్‌డాంగా అనే టీ కంపెనీ పని వచ్చింది. రేకు డబ్బాల్లో టీపొడి అమ్మే పాత కంపెనీ. డబ్బాకి మూడే రంగులు. మూత ఇటుక ఎరుపు #9E3B2C, ఒళ్ళు మీగడ రంగు #F3E6CF, నడుము చుట్టూ సన్నటి టీ ఆకుల వరస #2F5D43. ఎనభై ఏళ్ళుగా ఆ మూడు రంగులు మారలేదనీ, పల్లెటూరి ముసలమ్మ కూడా రంగు చూసే డబ్బా అడుగుతుందనీ, కంపెనీ చూసుకునే మిత్రా గారనే పెద్దావిడ మొదటి రోజే గట్టిగా చెప్పింది. ముందు నమూనాకి సాదా తెల్ల వెనకతెర మీద పన్నెండు బొమ్మలు చేశారు. జాబేజ్ ప్రతి బొమ్మలోనూ మూత మీద, ఒంటి మీద, ఆకు మీద గొట్టం పెట్టి సంఖ్యలు చదివాడు. మరీ మెరిసేచోటా నీడ పడ్డచోటా కాకుండా, మధ్యరకం వెలుతురున్న చోట చూశాడు. అక్కడక్కడా జారిన వాటిని ఆ భాగం మట్టుకే పట్టుకుని సంఖ్యకి లాగి సరిచేశాడు. మిత్రా గారికి అవి నచ్చాయి. దుర్గాపూజ ప్రకటనలకి తొంభై ఆరు బొమ్మలు కావాలంది.

ఆ తొంభై ఆరూ వారంలో చేయాల్సి వచ్చింది. పూజ మండపం ముందు డబ్బా, రెల్లుపూల పక్కన డబ్బా, ఇత్తడి పళ్ళెంలో డబ్బా. అమూల్య మాటలు రాసింది, యంత్రం గీసింది, జాబేజ్ చూశాడు. మూతలన్నీ చదివాడు, ఒళ్ళన్నీ చదివాడు. ఆకుల దగ్గరికి వచ్చేసరికి, అవి వేలిగోరంత సన్నవి, నమూనాలో పన్నెండింటికి పన్నెండూ సరిగ్గానే ఉన్నాయి కదా అనుకున్నాడు. కంటితో చూశాడు. కంటికి సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం మిత్రా గారు వీడియోలో మాట్లాడింది. ఆశిష్, జాబేజ్, అమూల్య ఒక గదిలో కూర్చున్నారు. అప్పటికే నలభై బొమ్మలు కంపెనీ అమ్మకాల సైటులోకి ఎక్కాయి.

"పాతాగులో షుకియే గేఛే" అంది ఆవిడ మెల్లగా. ఆకులన్నీ ఎండిపోయాయి అని. "మేం టీ అమ్ముతాం ఆశిష్ బాబూ. మా డబ్బా మీద ఎండుటాకులా? కొన్నవాళ్ళు పాత సరుకా అని ఫోన్లు చేస్తున్నారు. ఒకటీ రెండూ కాదు, అన్నింటా అంతే. మీ దగ్గర ఎవరూ చూడలేదా?"

జాబేజ్ ఒడిలో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక బొమ్మ తెరిచి ఆకు మీద గొట్టం నొక్కాడు. #7A5230. మొదటి జత అన్నిటికన్నా పెద్దది. అది పచ్చ కాదు, పచ్చకి చుట్టం కూడా కాదు. ఇంకోటి తెరిచాడు. అదే వరస. బొమ్మనే తేరిపార చూశాడు. నమూనా బొమ్మ పక్కన పెట్టి చూశాడు. రెండూ అతనికి ఒకలాగే ఉన్నాయి.

కాల్ అయిపోయాక ఆశిష్ అమూల్య వైపు తిరిగాడు. హిందీలో అడిగాడు, కోపం వస్తే ఆయన హిందీలోకి దిగుతాడు. "ఈ మాటలు రాసింది ఎవరు? నువ్వేగా? పూజ పని పాడుచేయడానికి మా దగ్గర చేరావా?"

"సార్, నేను రాసిన. కానీ చివరికి ఎవరు..." అని అమూల్య కూడా హిందీలోనే మొదలుపెట్టి, ఆగి జాబేజ్ వైపు చూసింది.

"జాబేజ్ కన్ను నాకు పదేళ్ళుగా తెలుసు" అన్నాడు ఆశిష్. "నువ్వు అతను చూశాక ఏదో మార్చి ఉంటావు. రేపు సాయంత్రానికి ఎలా జరిగిందో రాసివ్వు. తర్వాత సంగతి తర్వాత."

అప్పుడు చెప్పాల్సింది. గది తలుపు ఇంకా తెరుచుకోలేదు, ఆశిష్ ఇంకా కుర్చీలోంచి లేవలేదు. జాబేజ్ నోరు తెరిచాడు కూడా. వచ్చిన మాట, "నేను చూస్తాను దాదా, కారణం కనుక్కుంటాను" అని మాత్రమే.

కారిడార్లో అమూల్య వెనకే వచ్చింది. "అన్నా, మీరు చూసిన్రు కదా? మీరు చూసినంక నేను ముట్టుకోలే. మీకు తెలుసు."

"తెలుసు. కారణం దొరకనీ" అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

ఇల్లు చేరేసరికి తబితా కూతురికి జడ వేస్తోంది. దయారత్నం గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏట్రా, మొకం అలాగుంది? ఆఫీసులో ఏటయ్యింది?" అన్నాడు.

జాబేజ్ జరిగినదంతా చెప్పాడు. ఆశిష్ అమూల్యని అన్న మాటలతో సహా చెప్పాడు.

దయారత్నం గడ్డం రుద్దుకున్నాడు. "ఇప్పుడు సెప్తే ఉద్యోగం ఉంటాదేట్రా? పదేళ్ళు దాసినోడు అంటారు. ఆ పిల్ల సిన్నది, ఇంకో సోట దొరుకుద్ది. నీకు ముప్పై నాలుగు."

తబితా జడ వదిలేసి ఇటు తిరిగింది. "మావయ్యా, అలా అనకండి" అంది. తర్వాత భర్త వైపు చూసి, "నీకు నాలుగేళ్ళుగా సొక్కాలు ఏరి ఇస్తన్నాను. ఎవలికీ సెప్పొద్దంటే సెప్పలేదు. అది మనింటి సంగతి. ఇది ఆ పిల్ల సంగతి" అంది. మళ్ళీ జడ అందుకుంది. దయారత్నం లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు జాబేజ్ అందరికన్నా ముందే ఆఫీసుకి చేరి, కారణం వెతకడానికి కూర్చున్నాడు. ఈ పనిలో అతనికి సాటి లేరు. ఒక బొమ్మ తాలూకు మాటలన్నీ తీసి, అదే బొమ్మ మళ్ళీ పుట్టేలా యంత్రం ప్రతి బొమ్మకీ ఇచ్చే సీడ్ అంకె మార్చకుండా ఉంచి, ఒక్కొక్క మాటే తీసేస్తూ గీయించాడు. ఇత్తడి పళ్ళెం తీశాడు, ఆకు గోధుమే. మండపం తీశాడు, గోధుమే. సాయంత్రపు ఎండ తీశాడు, మీగడ రంగులో పసుపు కాస్త తగ్గింది గానీ ఆకు మారలేదు. తర్వాత 'ఆటమ్' అన్న మాట తీశాడు. గొట్టం నొక్కాడు. #315A41. మధ్య జత పెద్దది. ఇంకో నాలుగు బొమ్మల మీద చేసి చూశాడు. ఆ మాట పెడితే ఆకు ఎండుతోంది, తీస్తే బతుకుతోంది.

విషయం తేటతెల్లమైంది. మిత్రా గారు శరత్కాలపు వాతావరణం కావాలంది. అమూల్య దాన్ని ఇంగ్లీషులో ఆటమ్ అని రాసింది. బెంగాల్ శరత్తులో ఆకులు రాలవు. వాన కడిగిన పచ్చదనం, నీలాకాశం, తెల్లని రెల్లు ఉంటాయి. యంత్రం నేర్చుకున్న ఆటమ్ మాత్రం ఎక్కడిదో చలిదేశాలది. అక్కడ ఆకు అంటేనే గోధుమ, నారింజ. ఆ ఒక్క మాట బలం ముందు సంఖ్య ఓడిపోయింది.

జాబేజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. తప్పు మాట రాసింది అమూల్యే. రుజువు తెర మీద ఉంది. ఈ ఐదు జతల బొమ్మలు ఆశిష్‌కి పంపిస్తే చాలు, తను ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. 'కారణం దొరికింది' అని సందేశం రాశాడు, బొమ్మలు జతచేశాడు. పంపే మీట మీద వేలు పెట్టాడు.

అమూల్య లోపలికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అతని తెర మీద పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు చూడగానే, మూడు గజాల దూరం నుంచే, "అయ్యో, ఇది ఎండిపోయింది, ఇది పచ్చగుంది" అంది. "ఎట్ల కనబడకపోయింది అన్నా మనకు? నేను అన్నీ ఒకేసారి చిన్నగ చూసిన, పెద్దగ చేసి చూడలే. మీరు ఒక్కొక్కటి చూస్తరని..."

ఆమె తన తప్పు తనే ఒప్పుకుంటోంది. జాబేజ్ సందేశం చెరిపేశాడు.

"నాకు కనబడదమ్మా" అన్నాడు. "ఇప్పుడు కూడా కనబడటం లేదు. ఈ రెండూ నాకు ఒకటే."

ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిన్న చెప్తే ఏమయితుండె?" అంది. "రాత్రే ఇంటికి ఫోన్ చేసి చెప్పిన, ఉద్యోగం పోతున్నదని. మా నాయిన ఫోన్ అమ్మ చేతికిచ్చి లేచి పోయిండు. గది ఖాళీ చేస్తనని ఓనర్‌కి కూడా చెప్పిన."

జాబేజ్ లేచి ఆశిష్ గదిలోకి వెళ్ళాడు.

లోపల ఎంతసేపు మాట్లాడాడో అతనికే గుర్తు లేదు. రైల్వే డాక్టరు నుంచి మొదలుపెట్టి పొద్దున చెరిపేసిన సందేశం దాకా అన్నీ చెప్పాడు. ఆశిష్ మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు. "పదేళ్ళు?" అని. అంతా విన్నాక ఆయన కిటికీలోంచి కింద కడుతున్న మెట్రో స్తంభాల వైపు చూస్తూ అన్నాడు: "రంగు కనబడకపోవడం నీ తప్పు కాదు జాబేజ్. నాతో చెప్పి ఉంటే నీ పక్కన ఒకరిని కూర్చోబెట్టేవాణ్ణి. అంతేగా? నేను నీ కన్ను పేరు చెప్పి ఎంతమంది దగ్గర పని తెచ్చానో. వాళ్ళందరికీ నేను అబద్ధం చెప్పినట్టయింది."

ఉద్యోగం తీసేయలేదు. చివరి సంతకం మాత్రం తీసేశాడు. అమూల్యని పిలిచి, నిన్న అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఆమె సరేనంది.

తొంభై ఆరు బొమ్మలూ మళ్ళీ చేశారు. ఈసారి జాబేజ్ ఒక కాగితం తయారుచేశాడు. డబ్బాలో ప్రతి భాగానికీ విడిగా ఒక వాక్యం, అందులో వస్తువు పేరు, రంగు మాట, దాని పక్కనే సంఖ్య. ఈ వాక్యాలు ఏ బొమ్మకీ అక్షరం మారకూడదు. దృశ్యం మాటలు వేరే పేరాలో ఉండాలి. ఋతువు పేరు రాయకూడదు, ఆకాశం ఎలా ఉందో, పక్కన ఏ పూలున్నాయో రాయాలి. వెలుతురు రంగు లేనిదై ఉండాలి. ఆకు దగ్గర అమూల్య 'ముదిరిన టీ ఆకులా, సీసాలాంటి ముదురు పచ్చ' అని రాసింది. బొమ్మ పుట్టాక మూడు చోట్లా సంఖ్య చదవడం జాబేజ్ పని. కంటితో చూడటం ఆమె పని. ఇద్దరిలో ఎవరు కాదన్నా బొమ్మ ఆగిపోతుంది. సంఖ్య సరిపోయి కంటికి తేడాగా ఉన్నవి ఏడు దొరికాయి, కంటికి బాగుండి సంఖ్య తప్పినవి పంతొమ్మిది. ఏడింటినీ మళ్ళీ గీయించారు, ఆ పంతొమ్మిదింటినీ జాబేజ్ ఆకు ఆకూ విడిగా పట్టుకుని సరిదిద్దాడు.

మిత్రా గారు బొమ్మలు తీసుకుంది. పూజ తర్వాత పని మాత్రం వేరే వాళ్ళకి ఇస్తామని మర్యాదగా రాసి పంపింది.

ఆఫీసులో సంగతి దాగలేదు. రోజుకి ఒకరైనా జాబేజ్ బల్ల దగ్గరికి వచ్చి, పెన్నో, చున్నీయో, టీ కప్పో ఎత్తి చూపి, "దాదా, ఇది ఏ రంగు?" అని నవ్వుతూ అడుగుతారు. అతను ఓపికగా తనకి కనబడింది చెబుతాడు. వాళ్ళు ఆశ్చర్యపోయి వెళ్ళిపోతారు. దయారత్నం నెల రోజులు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు. తబితా ఎప్పటిలాగే చొక్కాలు తీసి మంచం మీద పెడుతోంది.

అమూల్య ఇంకా ఆ స్టూడియోలోనే ఉంది. ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే. ఆమె రంగు చెబుతుంది, అతను సంఖ్య చదువుతాడు, పని ముందుకంటే బాగా సాగుతోంది. ఒక్కటే మార్పు. ఇప్పుడామె అతనితో తెలుగు మానేసి హిందీలో మాట్లాడుతుంది, అందరిలాగే జాబేజ్ దా అని పిలుస్తుంది.